ఈ వారం ఎక్కువ పని, వచ్చే వారం సెలవు.. అమెరికా చిన్న షాపుల్లో ‘కాంప్ ఆఫ్’ లెక్క ఎక్కడ తప్పుతోంది?

దీపావళి వారం. డాలస్ శివార్లలోని ఓ ఇండియన్ గ్రోసరీ స్టోర్‌లో కాలు పెట్టే చోటు లేదు. స్వీట్ల కౌంటర్ దగ్గర లైన్, బిల్లింగ్ దగ్గర ఇంకో లైన్. గంటల లెక్కన పని చేసే క్యాషియర్ ఆ వారం మామూలు కంటే ఆరు గంటలు ఎక్కువ చేసింది. షాపు మూసే వేళ ఓనర్ దగ్గరికొచ్చి అన్నాడు. ‘‘ఈ వారం ఆరు గంటలు ఎక్కువ చేశావు కదమ్మా, వచ్చే వారం ఆరు గంటలు తక్కువ వస్తే సరిపోతుంది.’’ ఆమె కూడా ‘‘సరే అన్నా’’ అనేసింది.

ఇద్దరికీ ఇది న్యాయంగానే కనిపించింది. కానీ అమెరికా చట్టం దృష్టిలో ఆ ఒక్క మాటతో ఆమె 42 డాలర్లు నష్టపోయింది. ఓనర్ 42 డాలర్లు బాకీ పడ్డాడు. ఆ బాకీ సెలవుతో తీరేది కాదు. ఇది ఊహించి చెప్పిన ఉదాహరణే అయినా, చిన్న వ్యాపారాల్లో తరచూ జరిగే పొరపాటు ఇదే. ఇంతకీ ఆ 42 డాలర్లు ఎక్కడి నుంచి వచ్చాయి? సెలవు ఇచ్చి సర్దుబాటు చేసుకునే దారే లేదా? లెక్క వేసి చూస్తే రెండూ తేలిపోతాయి.

లెక్క వారానిదే, రెండు వారాలది కాదు

అమెరికాలో ఓవర్‌టైమ్‌కు మూలం 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్. ఒక వారంలో 40 గంటలు దాటి పని చేయిస్తే, దాటిన ప్రతి గంటకూ మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు చెల్లించాలన్నది అందులోని ప్రధాన నిబంధన. భారత్‌లో వారానికి 48 గంటల పరిమితికి, రెండింతల ఓవర్‌టైమ్‌కు అలవాటు పడినవాళ్లు ఇక్కడ రెండు అంకెలనూ మార్చుకోవాలి.

ఇక్కడ ‘వారం’ అంటే ఓనర్ ముందే నిర్ణయించుకున్న ఏడు రోజులు, అంటే వరుసగా 168 గంటలు. అది సోమవారం మొదలు కావచ్చు, గురువారం మొదలు కావచ్చు. కానీ ఒకసారి పెట్టుకున్నాక ఓవర్‌టైమ్ తప్పించుకోవడానికి దాన్ని ఇష్టం వచ్చినట్టు జరపకూడదు. ప్రతి వారం లెక్క ఆ వారంలోనే ముగుస్తుంది. ఒక వారంలో 46 గంటలు, తర్వాతి వారంలో 34 గంటలు చేస్తే ‘సగటున 40 అయింది కదా’ అనడానికి వీల్లేదు.

రెండు వారాలకోసారి జీతాలిచ్చే షాపుల్లో తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే. జీతం రోజున రెండు వారాల గంటలు కలిపి 80 కనిపిస్తాయి. ఎనభైని గంట రేటుతో గుణించి చెక్ రాసేస్తారు. టైమ్ కార్డు చూస్తే తప్ప మొదటి వారంలో ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు.

ఆ 42 డాలర్ల కథ

ఆ క్యాషియర్‌కు గంటకు 14 డాలర్లు అనుకుందాం. మొదటి వారం 46 గంటలు, రెండో వారం 34 గంటలు. ఓనర్ వేసిన లెక్క ఇది.

80 × 14 = 1,120 డాలర్లు.

చట్టం ప్రకారం వేయాల్సిన లెక్క వేరు. మొదటి వారంలో తొలి 40 గంటలకు మామూలు రేటు. మిగిలిన ఆరు గంటలకు 14కు ఒకటిన్నర రెట్లు, అంటే గంటకు 21 డాలర్లు.

మొదటి వారం: 40 × 14 = 560, 6 × 21 = 126. మొత్తం 686 డాలర్లు.
రెండో వారం: 34 × 14 = 476 డాలర్లు.
రెండూ కలిపితే 1,162 డాలర్లు.

తేడా 42 డాలర్లు. ఆరు ఓవర్‌టైమ్ గంటలకు రావాల్సిన ‘సగం రేటు’, అంటే గంటకు ఏడు డాలర్ల చొప్పున పోయిన సొమ్ము అది. గంటకు గంట సెలవు ఇచ్చినప్పుడు మాయమయ్యేది ఈ సగమే. పని చేసిన సమయం సర్దుబాటైంది కాబట్టి సమానంగా ఉన్నట్టు అనిపిస్తుంది. కానీ ఓవర్‌టైమ్ గంట విలువ ఒక గంట కాదు, గంటన్నర.

మరి ‘కాంప్ ఆఫ్’ ఎక్కడి నుంచి వచ్చింది?

హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో పని చేసి వెళ్లినవాళ్లకు కాంప్ ఆఫ్ అనేది బాగా తెలిసిన మాట. ఆదివారం రిలీజ్‌కు వస్తే ఇంకో రోజు సెలవు. అమెరికాలోనూ సిటీ, కౌంటీ లాంటి ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు ‘మాకు కాంప్ టైమ్ ఉంది’ అని చెబుతుంటారు. అదీ నిజమే. 1985లో చేసిన సవరణతో రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలకు ఆ వెసులుబాటు వచ్చింది. ఓవర్‌టైమ్ డబ్బుకు బదులు గంటకు గంటన్నర చొప్పున సెలవును జమ చేయవచ్చు. మామూలు ఉద్యోగులకైతే 240 గంటల వరకు, పోలీసు, ఫైర్ లాంటి విభాగాల వాళ్లకైతే 480 గంటల వరకు దాచుకోవచ్చు.

ఆ వెసులుబాటు ప్రైవేట్ వ్యాపారాలకు లేదు. ఓవర్‌టైమ్ చట్టం వర్తించే ఉద్యోగికి డబ్బు ఎగ్గొట్టి, ఆ గంటలను ‘లీవ్ బ్యాంక్’లో వేసి ఎప్పుడో వాడుకోమనడం ప్రైవేట్ షాపులో కుదరదు. ఉద్యోగి ఇష్టపడి అడిగినా కుదరదు. కాగితం మీద సంతకం పెట్టినా చెల్లదు. ఓవర్‌టైమ్ హక్కును ఉద్యోగి తనంతట తాను వదులుకోలేడన్నది ఈ చట్టంలో పాతుకుపోయిన సూత్రం. కాబట్టి ‘ఆమే ఒప్పుకుంది కదా’ అన్న వాదన నిలబడదు.

సెలవు ఇచ్చి సర్దుకునే దారులు రెండు

అలాగని ఓనర్ చేతులు పూర్తిగా కట్టేసినట్టు కాదు. చట్టం పట్టించుకునేది చేసిన పనికి డబ్బు సరిగ్గా ఇచ్చారా లేదా అన్నదే. వచ్చే వారం ఎన్ని గంటలు పని ఇవ్వాలన్నది చాలా రాష్ట్రాల్లో ఓనర్ ఇష్టం. ఈ రెండు ముక్కలు అర్థమైతే దారి కనిపిస్తుంది.

మొదటి దారి, అదే వారంలో సర్దడం. లోడ్ ట్రక్ ముందే రావడంతో క్యాషియర్ బుధవారం రాత్రికే 30 గంటలు చేసిందనుకుందాం. ఆ వారంలో ఇంకా పది గంటలే మిగిలాయి. గురు, శుక్రవారాలు సెలవు ఇచ్చి, శని, ఆదివారాల్లో ఐదేసి గంటలు పెడితే వారం మొత్తం 40 దగ్గర ఆగుతుంది. ఓవర్‌టైమ్ అసలు పుట్టదు. గంటకు గంట సర్దుబాటు చెల్లేది ఈ ఒక్క సందర్భంలోనే. ఫెడరల్ చట్టం ప్రకారం రోజుకు ఇన్ని గంటలే అన్న పరిమితి పెద్దవాళ్లకు లేదు. టెక్సస్‌లోనూ అంతే.

కాలిఫోర్నియాలో మాత్రం ఈ దారి అంత సులువు కాదు. అక్కడ రోజుకు 8 గంటలు దాటితేనే ఒకటిన్నర రెట్లు, 12 దాటితే రెండింతలు ఇవ్వాలి. సోమవారం పది గంటలు చేయించి మంగళవారం ఆరు గంటలకే పంపేసినా, సోమవారం నాటి రెండు గంటలు ఓవర్‌టైమే. రాష్ట్ర చట్టం, ఫెడరల్ చట్టం రెండూ ఉన్నచోట ఉద్యోగికి ఎక్కువ మేలు చేసేదే వర్తిస్తుంది.

రెండో దారి, అదే జీతం గడువులో సర్దడం. మొదటి వారం 46 గంటలు అయిపోయాయి, ఇక వెనక్కి తీసుకోలేరు. కానీ జీతాల బడ్జెట్ రెండు వారాలకు 1,120 డాలర్లు దాటకూడదని ఓనర్ అనుకుంటే, ఆరు గంటల ఓవర్‌టైమ్‌కు బదులు రెండో వారం ఆరు కాదు, తొమ్మిది గంటలు సెలవు ఇవ్వాలి. ఆరుకు ఒకటిన్నర రెట్లు తొమ్మిది. ఇప్పుడు లెక్క ఇలా మారుతుంది.

మొదటి వారం: 560 + 126 = 686 డాలర్లు.
రెండో వారం: 31 × 14 = 434 డాలర్లు.
మొత్తం 1,120 డాలర్లు.

చెక్ మీద అంకె ఓనర్ మొదట అనుకున్నదే. కానీ క్యాషియర్ పని చేసింది 80 గంటలు కాదు, 77 గంటలు. ఆ మూడు గంటలే ఆమెకు దక్కాల్సిన 42 డాలర్లు. ఇక్కడ ఓవర్‌టైమ్ డబ్బు పూర్తిగా చెల్లించారు, రెండో వారం పని తగ్గించారు, అంతే. రెండు వారాల జీతం గడువు ముగిసేలోపే ఇదంతా జరిగిపోవాలి. ‘దీపావళి వారం గంటలకు క్రిస్మస్ అప్పుడు సెలవు తీసుకో’ అంటే మళ్లీ మొదటి తప్పే. జీతాలు వారం వారం ఇచ్చే షాపుల్లో ఈ రెండో దారితో చెక్ మొత్తాన్ని ఒకేలా ఉంచడం కుదరదు. ఎందుకంటే అక్కడ గడువూ వారమే.

బోనస్ ఇస్తే రేటు మారుతుంది

చాలామంది ఓనర్లకు తెలియని చిక్కు ఇంకొకటి ఉంది. ఒకటిన్నర రెట్లు వేయాల్సింది గంట రేటు మీద కాదు, ‘రెగ్యులర్ రేట్’ మీద. ఆ వారం ఉద్యోగి సంపాదించిన దాంట్లో ముందే మాట ఇచ్చిన బోనస్ ఉంటే, అది కూడా అందులో కలుస్తుంది.

పండగ వారంలో ఒక్కరోజు కూడా మానకుండా వస్తే 46 డాలర్లు బోనస్ ఇస్తానని ఓనర్ ముందే చెప్పాడనుకుందాం. ఆ క్యాషియర్ చేసింది 46 గంటలు. 46 × 14 = 644. దానికి బోనస్ 46 కలిపితే 690. దీన్ని 46 గంటలతో భాగిస్తే రెగ్యులర్ రేట్ 15 డాలర్లు. అన్ని గంటలకూ మామూలు సొమ్ము 690లోనే వచ్చేసింది కాబట్టి, ఇక ఆరు గంటలకు సగం రేటు, అంటే 7.50 డాలర్ల చొప్పున 45 డాలర్లు కలపాలి. మొత్తం 735 డాలర్లు. బోనస్‌ను పక్కన పెట్టి లెక్కేస్తే 732 వస్తుంది. తేడా మూడు డాలర్లే. కానీ బోనస్ పెద్దదై, ఓవర్‌టైమ్ గంటలు పెరిగితే ఆ తేడా కూడా పెరుగుతుంది.

ముందు ఏ మాటా ఇవ్వకుండా, దీపావళి రోజు ఓనర్ తనకు తోచి చేతిలో పెట్టిన కానుక మాత్రం ఈ లెక్కలోకి రాదు. మాట ఇచ్చారా లేదా అన్నదే ఇక్కడ గీత.

గంటలు ఎక్కడ జారిపోతున్నాయి?

రేటు సరిగ్గా వేసినా, గంటలు తప్పుగా లెక్కేస్తే ఫలితం తప్పే. చిన్న షాపుల్లో గంటలు జారిపోయే చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది లంచ్ బ్రేక్. కనీసం 30 నిమిషాల పాటు పని నుంచి పూర్తిగా వదిలేస్తేనే ఆ సమయానికి డబ్బు ఇవ్వక్కర్లేదు. టైమ్ క్లాక్ సాఫ్ట్‌వేర్ రోజూ దానంతటదే అరగంట కోసేస్తుంది. కానీ కౌంటర్‌లో ఒక్కరే ఉన్నప్పుడు, డబ్బా తెరిచి రెండు ముద్దలు తినేలోపు కస్టమర్ వస్తాడు. లేచి బిల్లు కొట్టాల్సిందే. అలాంటి అరగంట పనే అవుతుంది. వారానికి ఐదు రోజులు ఇలా జరిగితే రెండున్నర గంటలు గల్లంతు. 46 గంటలు అనుకున్నది నిజానికి 48.5 గంటలు. టీ తాగడానికి ఇచ్చే పది, పదిహేను నిమిషాల బ్రేక్‌ను అసలు కోయకూడదు.

రెండోది రెండు షాపులు. ఒకే ఓనర్‌కు ఫ్రిస్కోలో ఒక స్టోర్, ఇర్వింగ్‌లో ఇంకొకటి ఉండొచ్చు. రెండూ వేర్వేరు కంపెనీల పేరు మీద ఉండొచ్చు. ఒకే ఉద్యోగి ఒకచోట 28 గంటలు, మరోచోట 18 గంటలు చేస్తే, రెండు చెక్కుల్లోనూ ఓవర్‌టైమ్ కనిపించదు. కానీ రెండింటినీ నడిపేది, షెడ్యూల్ వేసేది ఒకరే అయితే గంటలు కలిపే చూస్తారు. అంటే మళ్లీ 46. ఒక షాపు నుంచి మరో షాపుకు పని మధ్యలో కారులో వెళ్లిన సమయమూ పని గంటల్లోకే వస్తుంది.

మూడోది ‘నేను చెప్పలేదు, ఆమే ఉండిపోయింది’ అనే మాట. పర్మిషన్ లేకుండా ఎక్కువసేపు ఉంటే ఓనర్ మందలించవచ్చు, షెడ్యూల్ మార్చవచ్చు. కానీ పని జరుగుతోందని తెలిసీ జరగనిస్తే, ఆ గంటలకు డబ్బు ఎగ్గొట్టడానికి లేదు. 40 దాటిన గంటలకు మామూలు రేటుతో చేతిలో క్యాష్ పెట్టడమూ తప్పే. సగం రేటు బాకీ అలాగే ఉంటుంది, పైగా లెక్కల్లో చూపని జీతం అనే కొత్త తలనొప్పి మొదలవుతుంది.

‘మేనేజర్’ అని పేరు పెట్టి నెలజీతం ఇస్తే ఓవర్‌టైమ్ పోతుందన్నదీ అపోహే. ఫెడరల్ లెక్కలో వారానికి కనీసం 684 డాలర్ల జీతం ఉండాలి. అది ఉన్నా సరిపోదు. చేసే పని కూడా నిజంగా మేనేజ్‌మెంట్ పనే అయి ఉండాలి. రోజంతా బిల్లింగ్ చేస్తూ, షెల్ఫులు సర్దే వ్యక్తికి బోర్డు మారిస్తే హక్కు మారదు.

చిన్న షాపుకు చట్టం వర్తించదా?

ఏడాదికి 5 లక్షల డాలర్లు, ఆపైన అమ్మకాలున్న వ్యాపారానికి ఈ చట్టం నేరుగా వర్తిస్తుంది. ఓ మోస్తరు గ్రోసరీ స్టోర్ ఆ గీతను సులువుగానే దాటుతుంది. అంతకు తక్కువ ఉన్నా, వేరే రాష్ట్రాలతో ముడిపడిన పని చేసే ఉద్యోగికి వ్యక్తిగతంగా చట్టం వర్తిస్తుంది. క్రెడిట్ కార్డులు గీయడం, వేరే రాష్ట్రాల సప్లయర్లకు ఆర్డర్లు పెట్టడం లాంటివి ఈ కోవలోకే వస్తాయి. ఉద్యోగి వీసా ఏదన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. చేసిన పనికి జీతం హక్కు అందరికీ ఒకటే.

42 డాలర్లు ఎంతవుతాయి?

ఒక్క జీతంలో 42 చిన్నదే. ప్రతి రెండు వారాలకూ ఇదే జరిగితే ఏడాదికి 26 జీతాలు. 42 × 26 = 1,092 డాలర్లు. బాకీ కోసం రెండేళ్లు వెనక్కి వెళ్లి అడగొచ్చు. తెలిసీ చేసిన తప్పు అని తేలితే మూడేళ్లు. రెండేళ్లకు 2,184 డాలర్లు. దాని మీద అంతే మొత్తం నష్టపరిహారంగా కలిసే అవకాశం ఉంది. అంటే 4,368. ఇలాంటి ఉద్యోగులు ముగ్గురుంటే 13,104 డాలర్లు. కోర్టుకు వెళ్లి ఉద్యోగి గెలిస్తే ఆమె లాయర్ ఫీజు కూడా ఓనరే కట్టాలి.

అప్పుడు నిలబడేది కాగితమే. ప్రతి ఉద్యోగి రోజువారీ గంటలు, వారం మొత్తం, రేటు, ఓవర్‌టైమ్ సొమ్ము రాసి పెట్టడం ఓనర్ బాధ్యత. జీతాల రికార్డులు మూడేళ్లు, టైమ్ కార్డులు రెండేళ్లు దాచాలి. అవి లేకపోతే ఉద్యోగి డైరీలో రాసుకున్న గంటలకే విలువ పెరుగుతుంది. అందుకే ఉద్యోగి కూడా వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ ఫోన్‌లో రోజూ నోట్ చేసుకోవడం మంచిది.

జీతం స్లిప్‌లో ఓవర్‌టైమ్‌ను విడిగా చూపించడానికి ఇప్పుడు మరో కారణమూ ఉంది. 2025 నుంచి 2028 వరకు ఓవర్‌టైమ్‌లోని అదనపు సగం భాగానికి ఫెడరల్ ఆదాయపు పన్నులో మినహాయింపు ఉంది. ఒక్కరికైతే ఏడాదికి 12,500 డాలర్ల వరకు, జంటగా రిటర్న్ వేస్తే 25,000 వరకు. ఆదాయ పరిమితి లాంటి షరతులు ఉన్నాయి. మన ఉదాహరణలో మినహాయింపు వచ్చేది 126 డాలర్లకు కాదు, అందులోని 42కే. సెలవుతో సరిపెట్టుకుంటే ఆ ప్రయోజనం కూడా పోయినట్టే.

తేడా కనిపిస్తే ఏం చేయాలి?

ముందు స్లిప్‌ను వారాల వారీగా విడదీసి చూడాలి. ఏదైనా ఒక వారం 40 దాటి, స్లిప్‌లో ఒకే రేటు కనిపిస్తే లెక్క తప్పిందనే అర్థం. చాలాసార్లు అది దురుద్దేశం కాదు, రెండు వారాలు కలిపేసిన పొరపాటు. టైమ్ కార్డు ముందు పెట్టి అడిగితే అక్కడికక్కడే తేలిపోవచ్చు. ‘అన్నా’ అని పిలిచే మనిషిని డబ్బు దగ్గర నిలదీయడం మొహమాటమే. కానీ ఇక్కడ అడిగేది ఉపకారం కాదు, చేసిన పనికి రావాల్సిన జీతం.

అడిగినా తేలకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్‌లోని వేజ్ అండ్ అవర్ డివిజన్‌కు 1-866-487-9243 నంబర్‌లో ఫోన్ చేయవచ్చు. ఫిర్యాదు చేసినవారి పేరు గోప్యంగా ఉంచుతారు. ఫిర్యాదు చేశారని ఉద్యోగం నుంచి తీసేయడం, గంటలు కోయడం చట్టవిరుద్ధం.

ఇక ఓనర్ చేయాల్సిన పని ఒక్కటే. జీతం రోజున కాదు, ప్రతి వారం చివరి రోజున టైమ్ కార్డు చూడాలి. 40 దాటే సూచన కనిపిస్తే ఆ వారంలోనే షెడ్యూల్ మార్చాలి. దాటిపోయిందా, గంటకు గంటన్నర లెక్కన చెల్లించాలి. దీపావళి వారం అయినా, మామూలు వారం అయినా లెక్క ఇదే.